రైటాఫ్ అయిన కార్డు బాకీ: నా అనుభవం

“నా కార్డు బాకీని బ్యాంకు రైటాఫ్ చేసింది. సగం కడితే సెటిల్ చేస్తామంటున్నారు. కట్టేస్తే మళ్లీ లోన్ వస్తుందా?”

తొందరపడి సంతకం పెట్టకండి. రైటాఫ్ అంటే రాని బాకీగా బ్యాంకు తన లెక్కల్లోంచి తీసేయడమే, మాఫీ కాదు. సగం కడితే మీ క్రెడిట్ రిపోర్టులో ఆ ఖాతా ఎదురుగా ‘Settled’ అని పడుతుంది. తర్వాత లోన్ ఇచ్చేవాళ్లకు అది మిగతాది ఎగ్గొట్టినట్టే కనిపిస్తుంది. మొత్తం కడితేనే ‘Closed’ వస్తుంది.

తిరుపతిలో నా చిన్న దుకాణం 2020లో మూతపడి, 62 వేల కార్డు బాకీ రైటాఫ్ అయింది. ఏడాదిన్నర తర్వాత మొత్తం కట్టి, బాకీ లేదన్న పత్రం తీసుకున్నాను. మూడు నెలల తర్వాత చూస్తే రిపోర్టులో ఇంకా ‘Written-off’ అనే ఉంది! ఆ పత్రం జతచేసి సిబిల్ సైట్‌లో డిస్ప్యూట్ వేస్తే సరిచేశారు. ఇలాంటి ఫిర్యాదును 30 రోజుల్లో తేల్చకపోతే ఆపై రోజుకు వంద రూపాయల పరిహారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితమే.

పాత మచ్చ వెంటనే పోదు, దాని పక్కన కొత్త మంచి నెలలు చేరాలి. నేను 20 వేల ఎఫ్‌డీ మీద కార్డు తీసుకుని, నెలకు నాలుగు వేలు దాటకుండా పెట్రోలుకు, కరెంటు బిల్లుకు వాడాను. గడువుకు ముందే మొత్తం కట్టేవాడిని, కనీస మొత్తం కాదు. మధ్యలో ఆశపడి రెండుచోట్ల లోన్‌కు దరఖాస్తు చేయడం నా తెలివితక్కువతనం. రెండూ తిరస్కరించారు, లోన్ కోసం వాళ్లు నా రిపోర్టు తీసి చూసిన సంగతి కూడా రిపోర్టుకెక్కింది. మూడో ఏడాది బండి లోన్ వచ్చింది, వడ్డీ మాత్రం ఎక్కువే వేశారు.