తలుపు తీసే ముందు రెండు నిమిషాలు

పండగ సేల్ మొదలయ్యే రోజున రెండు మాటలు మాట్లాడమని ఇక్కడ అమెరికాలో ఊళ్లోని ఇండియన్ గ్రోసరీ షాపుల వాళ్లు మన తెలుగు సంఘం పెద్దల్ని పిలుస్తుంటారు. అభిమానంతోనే పిలుస్తారు, మనవాళ్లూ అభిమానంతోనే వెళ్తారు. అయినా ఆ మైకు మనం పట్టుకోకూడదని నా అభిప్రాయం. ఆ రోజు మాట్లాడాల్సింది షాపు ఓనరే. అది కూడా తలుపు తీసే ముందు, బయటే నిలబడి, రెండు నిమిషాలు.

మన సభల్లో ప్రసంగం వినడానికి జనం కుర్చీల్లో కూర్చుని ఉంటారు. సేల్ రోజు అలా ఉండదు. టెక్సస్‌లో మా అర్వింగ్ వైపు ఏ ఇండియన్ గ్రోసరీ ముందు చూసినా శనివారం పొద్దున వచ్చేవాళ్ల చేతిలో కార్టు, చంకలో పిల్లాడు, పక్కన అమ్మమ్మో నానమ్మో ఉంటారు. పదింటికి తెరుస్తామని ఫ్లయర్‌లో వేసినప్పుడు ప్రసంగం 9:57కి మొదలై పదింటికల్లా ముగియాలి. పదింటికి మొదలుపెడితే అది వాళ్ల టైమ్‌లోంచి తీసుకున్నట్టే. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, అతిథి పరిచయాలు మన ఉగాది సంబరాల వేదిక మీద ఎలాగూ ఉంటాయి. షాపు గుమ్మం దగ్గర వాటి అవసరం లేదు.

మరి ఆ రెండు నిమిషాల్లో ఏం చెప్పాలి? 2026 ఉగాదినే తీసుకుందాం. మార్చి 19, గురువారం వచ్చింది. సేల్ 14వ తేదీ శనివారం మొదలవుతుందనుకుంటే ఓనరు ఇలా మాట్లాడితే చాలు:

“అందరికీ నమస్కారం. పొద్దున్నే పిల్లాపాపలతో వచ్చారు, చాలా సంతోషం. గురువారం మనకి ఉగాది. కన్నడ వాళ్ల యుగాది, మరాఠీ వాళ్ల గుడి పడ్వా కూడా ఆ రోజే. ఒకటి రెండు రోజుల తేడాతో రంజాన్ పండగ. అందరికీ ముందుగానే శుభాకాంక్షలు. ఉగాది పచ్చడి సామాన్లన్నీ లోపలికి రాగానే ఎడమవైపు మొదటి బల్ల మీద పెట్టాం. మామిడికాయలు, బెల్లం, చింతపండు, ఎండు వేపపువ్వు, తోరణాలకి మామిడాకులు అన్నీ అక్కడే ఉన్నాయి. వేపపువ్వు ఈసారి తక్కువ వచ్చింది, దయచేసి ఇంటికొక ప్యాకెట్టే తీసుకోండి. సోనా మసూరి 20 పౌండ్ల బస్తాలు తగ్గింపు ధరకి ఇంటికి రెండు. అయిపోతే కౌంటర్ దగ్గర స్లిప్ రాయించుకోండి, వచ్చే లోడ్‌లో అదే ధరకి ఇస్తాం. ఈ ధరలన్నీ గురువారం రాత్రి షాపు మూసేదాకా ఉంటాయి. నిన్న రాత్రి పొద్దుపోయేదాకా ట్రక్కు దింపి ఇదంతా సర్దింది ఇదిగో, ఇక్కడ నిలబడ్డ మా వాళ్లే. పెద్దవాళ్లు, చంటిపిల్లలున్నవాళ్లు ముందు రండి. లోపలికి కుడివైపు తలుపు, బయటికి ఎడమవైపు తలుపు. రండి, రండి!”

సర్దిన వాళ్ల సంగతి వచ్చేచోట ఓనరు ఒక్కొక్కరినీ పేరుతో పిలవాలి. రోజూ కరివేపాకు కట్టలు కట్టే అక్క పేరు, బస్తా కారు దాకా మోసుకొచ్చే కుర్రాడి పేరు చాలామంది కస్టమర్లకి తెలియవు. ఆ రోజు తెలిస్తే మర్నాటి నుంచి పేరుపెట్టి పలకరిస్తారు.

వేపపువ్వు, బియ్యం బస్తాల మాట తీసేయొద్దని గట్టిగా చెబుతాను. సేల్ రోజు వచ్చే గొడవలు ఎక్కువగా అక్కడే పుడతాయి. ఇంటికి రెండే అన్న సంగతి బిల్లింగ్ దగ్గర, నాలుగు బస్తాలు కార్టులో పెట్టుకుని వరసలో చాలాసేపు నిలబడ్డ మనిషికి చెబితే ఆయనకి కోపం రావడం న్యాయమే. అదే మాట ఓనరు నోటి నుంచి గుమ్మం దగ్గరే అందరితో పాటు వింటే ఎవరికీ చిన్నతనం ఉండదు. క్యాషియర్ అమ్మాయికీ టెన్షన్ తప్పుతుంది.

ఆ స్లిప్ సంగతికి చట్టం వైపు నుంచి కూడా ఆధారం ఉంది. అమెరికాలో దీన్ని రెయిన్ చెక్ అంటారు. ఆహార సరుకులు అమ్మే షాపు ఒక ధర ప్రకటిస్తే, ఆ సేల్ నడిచినన్నాళ్లూ సరుకు దొరికేలా చూడాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం ఉంది. స్టాక్ తక్కువైతే ఆ మాట ప్రకటనలోనే స్పష్టంగా ఉండాలి. చాలినంత సరుకు ముందే ఆర్డర్ చేసినా అయిపోతే షాపు తప్పు కాదు. రెయిన్ చెక్ ఇవ్వడం, అయిపోయిన సరుకుకి సరితూగే వేరే సరుకుని అంతే తగ్గింపుతో ఇవ్వడం కూడా ఒప్పుకున్న దారులే. కాబట్టి వేపపువ్వు తక్కువుందని ప్రసంగంలో చెప్పినంత మాత్రాన సరిపోదు, ఫ్లయర్‌లో కూడా వేయాలి. ఫ్లయర్ ప్రింటుకి వెళ్లే ముందే ఈ ప్రసంగం రాసుకుంటే రెండూ ఒకే మాట చెబుతాయి.

తగ్గింపు గురించి చెప్పేటప్పుడు సగం ధర, భారీ తగ్గింపు లాంటి మాటలకన్నా అసలు ధర చెప్పడమే మంచిది. నిజంగా కొన్నాళ్లు అమ్మిన ధరనే పాత ధరగా చూపించాలని ఇక్కడి మార్గదర్శకాలు చెబుతున్నాయి. కందిపప్పు ధర నెల నెలా గుర్తుపెట్టుకునే మన ఇల్లాళ్ల ముందు వేరేలా చెప్పి నెగ్గేవాళ్లు కూడా లేరు.

ఇక పండగ పలకరింపు. మన షాపుకి వచ్చేవాళ్లంతా తెలుగువాళ్లు కారు. హైదరాబాద్ ముస్లిం కుటుంబాలు హలీం సామాన్లకి ఇక్కడికే వస్తాయి. 2025లోనూ ఇండియా క్యాలెండర్ ప్రకారం ఉగాది మార్చి 30న వస్తే, అమెరికాలో చాలామంది ఈద్ కూడా అదే రోజు చేసుకున్నారు. పక్క అపార్ట్‌మెంట్లలో ఉండే కన్నడ, మరాఠీ వాళ్లకి కూడా ఉగాది రోజు పండగే. వాళ్ల పండగ పేరు ఓనరు నోట వింటే ఆ గుమ్మం తమదీ అనిపిస్తుంది. దీనికి పట్టేది పది సెకన్లు. తెలుగు రానివాళ్ల కోసం ప్రతి వాక్యాన్నీ వెంటవెంటనే ఇంగ్లీషులోకి మారిస్తే ప్రసంగం రెట్టింపై రెండు భాషల వాళ్లూ విసుగుపడతారు. శుభాకాంక్షలు, ఇంటికెన్ని, ఏ రోజుదాకా అన్న మూడు సంగతులూ చివర్లో ఒక్కసారి ఇంగ్లీషులో చెప్పి, అవే తలుపు మీద పెద్ద అక్షరాల్లో అతికిస్తే చాలు.

చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. స్పీకర్ బాక్సు మాట్లాడేవాళ్ల వెనక పెడితే మైకు కీచుమంటుంది, మొదటి వాక్యం ఎవరికీ వినబడదు. బాక్సు మైకుకి ముందు, జనం వైపు తిరిగి ఉండాలి. లోపల ఫ్రీజర్ల హోరు ఉంటుంది కాబట్టి మాట్లాడే చోటు బయటే మంచిది, అయితే కార్ల దారికీ తలుపుకీ అడ్డం రాకూడదు. యాభై మంది లోపు వస్తే మైకే వద్దు. మెట్టెక్కి గొంతెత్తితే సరిపోతుంది, పలకరింపులో ఆప్యాయతా మిగులుతుంది.

సాయంత్రం వచ్చేవాళ్లు పొద్దుటి మాటలేవీ విని ఉండరు. అయిదింటికి ఓనరు ఇంకోసారి బయటికొచ్చి నమస్కారం పెట్టి, ఏమేం మిగిలాయో, ఏవి అయిపోయాయో, స్లిప్‌లు ఎక్కడ రాస్తున్నారో అర నిమిషంలో చెప్పాలి. అప్పటికి వేపపువ్వు అయిపోయి ఉంటే ఆ సంగతే ముందు చెప్పాలి.