షార్టేజ్ వచ్చిందంటే జీతంలో పట్టుకోవడమేనా?

చిట్యాల నుంచి సూర్యాపేట దాకా హైవే పక్కన ఉన్న పెట్రోల్ బంకుల్లో పనిచేసే పిల్లల్ని ఎవరినైనా అడగండి. ఈ నెల జీతం ఎంతొచ్చిందంటే ముందు ఎంత కట్ అయిందో చెప్తారు. షిఫ్ట్ లెక్కలో డబ్బు తగ్గిందని షార్టేజ్ కట్, చెప్పకుండా మానేసినందుకు కట్, డ్యూటీలో ఫోన్ పట్టుకున్నందుకు కట్. అడిగితే "ఇష్టముంటే చెయ్, లేకుంటే పో" అనే మాట సిద్ధంగా ఉంటుంది. నేను నల్గొండలో చిన్న వ్యాపారాలకు జీతాల లెక్కలు, పీఎఫ్ కాగితాలు చూసే పనిలో ఉన్నాను. రోజూ ఓనర్ల పక్కనే కూర్చుంటాను, వాళ్ల ఇబ్బందులూ నాకు తెలుసు. అయినా చెప్తున్నాను, ఈ కోతల్లో చాలావాటిని చట్టం ఒప్పుకోదు. తెలిసి కోసేవాళ్లు కొందరు. ఎప్పటినుంచో ఇట్లాగే నడుస్తుంది కదా అని కోసేవాళ్లే ఎక్కువ.

మా చిన్నమ్మ కొడుకు ఇట్లాంటి ఒక బంకులో నైట్ షిఫ్ట్ చేస్తాడు. జీతం 13,000. వారానికి ఒక రోజు సెలవు, అంటే నెలకు 26 రోజుల పని. పోయిన నెల చేతికొచ్చింది 5,800. మిగతా 7,200 ఎటు పోయిందో మేనేజర్ ఒక చిన్న కాగితం మీద రాసిచ్చాడు. ఒక రోజు రానందుకు మూడు రోజుల జీతం 1,500. షార్టేజ్ 5,200. ఫోన్ వాడినందుకు ఫైన్ 500. కింద సంతకం లేదు, స్టాంపు లేదు. ఆ కాగితం చూసినప్పటి నుంచి నాకు కడుపు మండిపోతోంది, అందుకే ఇంత పొడుగు పోస్ట్ రాస్తున్నాను.

ముందు ఆ మూడు రోజుల సంగతి. తాత దినాలకు పోవాలని మేనేజర్‌కు ఫోన్ చేశాడు, ఆయన ఎత్తలేదు. వీడు ఊరికి వెళ్లిపోయాడు. పర్మిషన్ లేకుండా మానేసినట్టే అనుకుందాం, దాని మీద వాదన వద్దు. పని చేయని రోజుకు జీతం ఇవ్వక్కర్లేదు, అది న్యాయమే. కానీ ఎంత కోయాలో చట్టంలో లెక్క ఉంది. ఆ నెలలో పని చేయాల్సిన రోజుల్లో ఎన్ని రోజులు రాలేదో, జీతంలో అంత భాగమే కోయాలి. 26 రోజుల్లో ఒక రోజు రాలేదు కాబట్టి 13,000లో 26వ వంతు, అంటే 500. "చెప్పకుండా మానేస్తే ఒకటికి మూడు" అనేది ఓనర్లు పెట్టుకున్న రూలే. గోడకు అంటించినా, చేరేటప్పుడు సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు. చెప్పకుండా మానేయడం తప్పనుకుంటే మెమో ఇవ్వొచ్చు, సంజాయిషీ అడగొచ్చు. పని చేసిన రోజుల జీతం మాత్రం ముట్టుకోకూడదు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది కూడబలుక్కుని, ఒప్పందం ప్రకారం ఇవ్వాల్సిన నోటీసు ఇవ్వకుండా, సరైన కారణం లేకుండా ఒకేసారి మానేస్తే, ఒప్పందంలో రాసుకున్న మేరకు ఎనిమిది రోజుల జీతం దాకా అదనంగా కోయడానికి వీలుంది. దాని గురించి ఎక్కడో విన్న ఓనర్లు "ఎనిమిది రోజులు కోసే హక్కు నాకుంది" అంటుంటారు. తాత చనిపోయి ఒక్కడు ఊరికి పోతే అది వర్తించదు.

ఇక 5,200 షార్టేజ్. ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి, చాలామంది బలవుతున్నది ఇక్కడే.

ఆ రాత్రి రెండు గంటలప్పుడు ఒక పెద్ద కారు వచ్చింది. ట్యాంకు ఫుల్, పైన రెండు క్యాన్లు. బిల్లు 5,200. కారాయన ఫోన్‌లో స్కాన్ చేసి పచ్చటి టిక్కు చూపించి వెళ్లిపోయాడు. ఆ డబ్బు ఖాతాలో పడలేదు. డబ్బు పడితే గట్టిగా చెప్పే సౌండ్ బాక్స్ ఉంటుంది కదా, అది ఆ రాత్రి పంపు దగ్గర లేదు, చార్జింగ్ కోసం ఆఫీసు గదిలో పెట్టారు. డబ్బు పడిందో లేదో చూసే యాప్ మేనేజర్ ఫోన్‌లో ఒక్కదాంట్లోనే ఉంది. ఆయన లోపల పడుకున్నాడు. వెనక లారీలు హారన్ కొడుతున్నాయి. పైగా డ్యూటీలో సొంత ఫోన్ పట్టుకుంటే ఫైన్.

చట్టం ఏమంటుందంటే, కార్మికుడికి ప్రత్యేకంగా అప్పగించిన సరుకు పాడైనా, పోయినా, లేదా అతను లెక్క చెప్పాల్సిన డబ్బు తగ్గినా జీతంలో కోయొచ్చు. కానీ ఆ నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లో, తప్పు వల్లో జరిగి ఉండాలి. బంకు పిల్లవాడు డబ్బుకు లెక్క చెప్పాల్సినవాడే, కాదనను. కానీ డబ్బు పోవడం ఒక్కటే చాలదు, అది అతని నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలి. సౌండ్ బాక్స్ పక్కనే ఉండి, అది మోగకపోయినా కారును వదిలేసి ఉంటే అది నిర్లక్ష్యమే. అట్లా జరిగి ఉంటే నేను మా తమ్ముణ్నే తిట్టేవాణ్ని. బాక్స్ లోపల పెట్టింది బంకు వాళ్లు, యాప్ ఇవ్వనిది బంకు వాళ్లు. నిర్లక్ష్యం వాళ్ల వైపు ఉంటే నష్టం నెలకు పదమూడు వేలు తెచ్చుకునేవాడి నెత్తిన ఎట్లా పెడతారు?

నిజంగా కార్మికుడిదే తప్పయినా మూడు షరతులున్నాయి. కోయడానికి ముందు అతను చెప్పేది వినాలి. నష్టం ఎంతో అంతకు మించి కోయకూడదు. కోసింది రిజిస్టర్‌లో రాయాలి. మా వాడి విషయంలో వినడం అనేదే జరగలేదు. జీతం రోజు కాగితం చేతికిచ్చారు, అంతే.

ఇంకో అలవాటు కూడా ఉంది. షార్టేజ్ ఎవరి దగ్గర వచ్చిందో తేలకపోతే షిఫ్ట్‌లో ఉన్న నలుగురికీ సమానంగా పంచేస్తారు. "అందరూ భరిస్తే ఒక్కరి మీద పడదు కదా" అని ఒక ఓనర్ నాతోనే అన్నాడు. చూడ్డానికి దయగా ఉంటుంది. కానీ ఎవరి తప్పో తేలలేదంటే ఎవరి జీతమూ కోయడానికి వీల్లేదని అర్థం.

అసలు షార్టేజ్ నిజమేనా అన్నది కూడా చూసుకోవాలి. షిఫ్ట్ మొదట్లో, చివర్లో నాజిల్ మీటర్ రీడింగ్ రాస్తారు. రెండిటి తేడా ఎన్ని లీటర్లో దానికి లెక్కకట్టి డబ్బు అడుగుతారు. పొద్దున కొలత చూడటానికి 5 లీటర్ల క్యాన్‌లో పట్టి మళ్లీ ట్యాంకులో పోస్తారు కదా, అది కూడా మీటర్‌లో తిరుగుతుంది. దాన్ని తీసేయకుండా లెక్కేస్తే ఒక్క నాజిల్‌కే దాదాపు ఐదు వందల షార్టేజ్ ఊరికే పుట్టుకొస్తుంది. భూమిలోని ట్యాంకులో డిప్ రాడ్ వేసి చూసినప్పుడు వచ్చే తేడా వేరు. పెట్రోల్ ఆవిరవుతుంది, వేడికి, చలికి పరిమాణం మారుతుంది. దానికి నాజిల్ దగ్గర నిలబడ్డవాడు బాధ్యుడు కాదు. అందుకే షార్టేజ్ అన్నప్పుడు మీటర్ తేడానా, క్యాష్ తేడానా, ట్యాంకు తేడానా అని మొదట అడగండి.

ఫైన్ 500 గురించి రెండు మాటలే. ఏ తప్పుకు ఫైన్ వేస్తారో ముందే ప్రభుత్వ అధికారి ఆమోదం తీసుకుని నోటీసు పెట్టాలి. నెలలో మొత్తం ఫైన్ జీతంలో 3 శాతం దాటకూడదు, 13,000కు అది 390. వసూలైన ఫైన్ ఓనర్ జేబులోకి పోకూడదు, కార్మికుల మేలుకే వాడాలి. ఈ మూడూ పాటించిన బంకు నాకింకా కనపడలేదు.

ఇవన్నీ కలిపినా ఒక నెలలో మొత్తం కోతలు సగం జీతం దాటకూడదు. మా వాడికి ఆ హద్దు 6,500. కోసింది 7,200. అంటే ప్రతి కోతా సక్రమమే అనుకున్నా, ఆ కాగితం అక్కడే తప్పు.

1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలోనే వీటిలో చాలావరకు ఉన్నాయి. అది నెలకు 24,000 లోపు జీతం ఉన్నవాళ్లకే వర్తించేది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో వేతనాల కోడ్ అమల్లోకి వచ్చింది, ఇప్పుడు ఆ జీతం హద్దు లేదు. అన్యాయంగా కోశారని అర్జీ పెట్టుకోవడానికి ఇదివరకు ఏడాదే గడువు, ఇప్పుడు మూడేళ్లు. చెల్లించాల్సింది చెల్లించామని నిరూపించుకోవాల్సిన భారం ఓనర్ మీదే ఉంది. కోసిన సొమ్ముతో పాటు దానికి పదింతల దాకా పరిహారం ఇప్పించే అధికారం ఆ అర్జీ వినే అధికారికి ఉంది. పదింతలూ అందరికీ వస్తాయని ఆశపడకండి, అది పై హద్దు మాత్రమే.

ఓనర్ల వైపు నుంచి వచ్చే మాట నాకు తెలుసు. "లీటర్‌కు మాకు మిగిలేదెంత? దొంగతనం చేస్తే ఊరుకోవాలా?" అంటారు. ఊరుకోమని ఎవరూ అనడం లేదు. దొంగతనమైతే పోలీస్ స్టేషన్ ఉంది. నిర్లక్ష్యమైతే విచారించి, రాసుకుని, హద్దులోపల కోయండి. ప్రతి పంపు దగ్గర సౌండ్ బాక్స్ పెట్టే ఖర్చు ఒక్క రాత్రి పోయిన 5,200 కంటే తక్కువ. వ్యాపారంలో వచ్చే నష్టం వ్యాపారిదే, లాభం వచ్చిన నెల పిల్లలకు పంచడం లేదు కదా.

పనిచేసే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పేది ఇది. కోత రాసిచ్చిన కాగితాన్ని ఆ రోజే ఫోటో తీసుకోండి. కాగితం ఇవ్వకపోతే "ఈ నెల నాకు ఎందుకు తగ్గింది?" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టండి, వాళ్లిచ్చే జవాబే రేపు ఆధారమవుతుంది. మీటర్ రీడింగులు, షిఫ్ట్‌లో ఎవరెవరున్నారో ఒక చిన్న నోట్‌బుక్‌లో రాసుకోండి. జీతం చేతికిచ్చారంటే ఎంతిచ్చారో ఆ తేదీన రాసుకోండి. ఖాళీ కాగితం మీద, ఖాళీ వోచర్ మీద సంతకం మాత్రం పెట్టకండి. "ఎంత కోసినా నాకు అభ్యంతరం లేదు" అని ముందే సంతకం పెట్టి ఉన్నా భయపడకండి, చట్టమిచ్చిన జీతం హక్కును వదులుకునే ఒప్పందం చెల్లదు. పని మానేస్తే మిగిలిన జీతం రెండు పని రోజుల్లో ఇచ్చేయాలి, "షార్టేజ్ తేలాక చూద్దాం" అని నెలలు తిప్పకూడదు.

మా వాడు ఇవన్నీ ఒక తెల్ల కాగితం మీద రాసి ఓనర్‌కిచ్చాడు. అరిచారు, బెదిరించారు. నాలుగో రోజు అదనంగా కోసిన రెండు రోజుల జీతం 1,000, ఫైన్ 500 తిరిగిచ్చారు. 5,200 మీద మాత్రం పట్టు విడవలేదు, "సౌండ్ బాక్స్ సంగతి నువ్వు ముందే ఎందుకు చెప్పలేదు?" అంటున్నారు. చెప్పాడు, ఆ రాత్రే షిఫ్ట్‌లో ఉన్న ఇంకో అబ్బాయి ఎదుటే మేనేజర్‌ను లేపి చెప్పాడు. ఆ అబ్బాయి సాక్ష్యం ఇస్తానన్నాడు. అర్జీ రాసి పెట్టాం, సోమవారం నల్గొండ లేబర్ ఆఫీసులో ఇస్తున్నాం.