ఒక్కరోజు ర్యాంక్ చూసి సరుకు తేకండి
“అమెజాన్‌లో అమ్మకాల ర్యాంక్ 800 ఉన్న కిచెన్ వస్తువు బేగంబజార్‌లో హోల్‌సేల్‌కి దొరుకుతోంది. 200 పీసులు తెచ్చేయొచ్చా?”

ఇప్పుడే వద్దండి. ఆ ర్యాంక్‌లో ఈమధ్య జరిగిన అమ్మకాలకే బరువెక్కువ. ఎవరైనా రెండు రోజులు ధర తగ్గించినా పైకి ఎగబాకుతుంది. నేను ఇడ్లీ గుడ్డలు తెచ్చేముందు ఐదు లిస్టింగుల ర్యాంక్ రోజూ ఒకే వేళకి నెలపాటు రాసుకున్నాను. నాలుగు 900కీ 1,500కీ మధ్యే తిరిగాయి. ఐదోది 700 నుంచి 9,000కి జారింది, అది డిస్కౌంట్ మహిమ. మొదటిరోజు ర్యాంక్ ఒక్కటే చూసుంటే దాన్నే ఎంచుకునేవాణ్ణి.

తర్వాత ఆ వస్తువు కోసం జనం ఎప్పుడెంత వెతికారో గూగుల్ ట్రెండ్స్‌లో 5 ఏళ్ల గ్రాఫ్ చూడండి. గాలిపటాల్లా సంక్రాంతికే లేచి పడిపోతే మిగిలిన సరుకు ఏడాదంతా ఇంట్లోనే ఉంటుంది. అక్కడ 100 అంటే వంద వెతుకులాటలు కాదు, ఆ కాలంలో అత్యధిక స్థాయి అని మాత్రమే. అందుకే ర్యాంక్‌తో కలిపే చదవాలి.

పోటీకి నేను చూసేది రివ్యూలు. మంచి ర్యాంక్ ఉన్నవాటిలో రెండు మూడైనా వంద రివ్యూలు దాటనివి ఉంటే కొత్తవాళ్లకి చోటున్నట్టే. అన్నిటికీ వేలల్లో ఉంటే వదిలేయండి. అన్నీ సరిపోయినా ముందు 30 పీసులే తెండి.