నింద ఆడమ్‌ది, తప్పు వెయిట్ డికేది

న్యూరల్ నెట్‌వర్క్‌లకు శిక్షణ ఇచ్చే పద్ధతుల్లో ఆడమ్ తొందరగా నేర్చుకుంటుంది గానీ కొత్త డేటా ముందు తడబడుతుందని, మొమెంటంతో నడిచే ఎస్‌జీడీ నెమ్మదైనా నిలబడుతుందని డీప్ లెర్నింగ్ విద్యార్థులు సూత్రంలా అప్పజెబుతుంటారు. ఈ తీర్పు చాలావరకు అన్యాయమైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇమేజ్ మోడళ్లలో ఆడమ్ వెనకబడటానికి పెద్ద కారణం, మోడల్ వెయిట్లను అడుగడుగునా కాస్త సున్నా వైపు లాగే వెయిట్ డికేను దానికి తగిలించిన తీరు.

లెక్క వేసి చూద్దాం. రెండు వెయిట్ల విలువా 1, డికే 0.0001 అనుకుందాం. వెయిట్‌ను ఎటు, ఎంత మార్చాలో చెప్పే గ్రేడియంట్లు మొదటిదానికి 1 పరిమాణంలో, రెండోదానికి 0.01 పరిమాణంలో వస్తున్నాయి. ఎస్‌జీడీలో సున్నా వైపు లాగే బలం రెండింటి మీదా ఒకటే. ఆడమ్ మాత్రం ప్రతి గ్రేడియంట్‌నూ దాని ఇటీవలి పరిమాణంతో భాగిస్తుంది. డికేను గ్రేడియంట్‌లోనే కలిపేస్తే అదీ ఆ భాగహారానికి గురవుతుంది. అప్పుడు మొదటి వెయిట్ మీద లాగుడు 0.0001, రెండోదాని మీద 0.01. పెద్ద గ్రేడియంట్లు వచ్చే వెయిట్‌కే పగ్గం నూరు రెట్లు వదులైపోయింది!

పరిశోధకులు లోష్చిలోవ్, హుట్టర్ 2017లో డికేను ఆ భాగహారం నుంచి బయటికి తీశారు. అదే ఆడమ్‌డబ్ల్యూ. దాంతో ఇమేజ్ వర్గీకరణలోనూ ఆడమ్ ఎస్‌జీడీకి పోటీగా నిలిచింది. అయితే ఇక్కడా ఒక గుంట ఉంది. పైటార్చ్ లైబ్రరీలో అడుగడుగునా జరిగే డికే, అడుగు ఎంత పెద్దదో నిర్ణయించే లెర్నింగ్ రేట్‌తో గుణించి వస్తుంది. రెస్‌నెట్ అనే ఇమేజ్ మోడల్‌కు ఎస్‌జీడీతో వాడిన 0.1 రేటు, 0.0001 డికే కలిస్తే 0.00001. అదే డికేను 0.001 రేటు ఉన్న ఆడమ్‌డబ్ల్యూకు అలాగే వాడితే లాగుడు నూరో వంతుకు పడిపోతుంది. తప్పును కొలిచే శిక్షణ లాస్ చక్కగా దిగుతూ, శిక్షణలో చూడని డేటా మీద వచ్చే వాలిడేషన్ ఫలితం మాత్రం వెనకబడితే ముందు ఈ గుణకారమే చూడాలి. అక్కడ డికే 0.01 నుంచి మొదలుపెట్టడం న్యాయం.

విల్సన్ బృందం 2017లో ఆడమ్‌కు వ్యతిరేకంగా గట్టి వాదనే చేసింది. లెర్నింగ్ రేట్లు సరిచూసుకుని మరీ పోల్చింది, ఆడమ్ విఫలమయ్యే ఒక కృత్రిమ ఉదాహరణనూ నిర్మించింది. ఇమేజ్‌లకు వాడే కన్వల్యూషన్ నెట్‌వర్క్‌లకు మొమెంటం ఎస్‌జీడీ ఇప్పటికీ మంచి ఎంపికేనని నేనూ ఒప్పుకుంటాను.

కానీ భాషకు వస్తే కథ మారుతుంది. వాక్యాల్లో కొన్ని పదాలు వేలసార్లు వస్తాయి, లెక్కలేనన్ని పదాలు ఎప్పుడో ఒకసారి వస్తాయి. ఎస్‌జీడీతో ఆ అరుదైన పదాల లాస్ దాదాపు కదలదు, ఆడమ్‌తో దిగుతుంది. శిక్షణలోనే నేర్చుకోనిది కొత్త వాక్యం మీద ఎలా పనిచేస్తుంది?

నన్ను అసలు బాధపెట్టేది మన పోలికల పద్ధతి. ఆడమ్ భాగహారంలో హారానికి కలిపే చిన్న సంఖ్య ఎప్సిలాన్‌ను బాగా పెంచి, రేటును తగినట్టు మారిస్తే అది దాదాపు మొమెంటం ఎస్‌జీడీగానే మారిపోతుంది. అంటే అన్ని మీటలూ తిప్పి చూసే ఓపిక ఉంటే ఆడమ్ పెద్దగా ఓడిపోయే అవకాశమే లేదు. చాలా పరిశోధన పత్రాల్లో ఎప్సిలాన్‌ను ముట్టుకోరు. ఏ పద్ధతికి ఎన్ని అమరికలు ప్రయత్నించారో ఫలితాల పట్టికలో, ఖచ్చితత్వం పక్కనే, ఒక నిలువు వరుసగా వేయాలి.