డెడ్‌లైన్ దాటిపోయాక రాసే మెయిల్లో సారీ దేనికి చెప్పాలి?

ఆఫీసుల్లో డెడ్‌లైన్ దాటాక వచ్చే సారీ మెయిల్స్ చూడండి, ఒకటి కాళ్ల మీద పడిపోయే రకం, ఇంకోటి పక్క టీమ్ మీదకి తోసేసే రకం, చాలాసార్లు రెండూ ఒకే మెయిల్లో ఉంటాయి. ఒక ఉదాహరణ అనుకుందాం. శుక్రవారం సాయంత్రం ఐదింటికి సేల్స్ రిపోర్ట్ ఇవ్వాలి, సోమవారం 11 గంటలకి డైరెక్టర్‌కి మీటింగ్ ఉంది. వెళ్లిన మెయిల్ ఇది:

"సర్, వెరీ వెరీ సారీ. చాలా గిల్టీగా ఉంది, ఇంకోసారి ఇలా జరగదు. ఫైనాన్స్ టీమ్ డేటా లేట్‌గా ఇవ్వడం వల్ల రిపోర్ట్ ఈరోజు అవ్వట్లేదు. వీలైనంత త్వరగా పంపిస్తాం."

డైరెక్టర్‌కి తెలియాల్సింది ఒక్కటే, సోమవారం మీటింగ్‌కి రిపోర్ట్ చేతిలో ఉంటుందా లేదా అని, అదే ఇందులో లేదు. పైగా "గిల్టీగా ఉంది" అంటే ఆయనే "పర్లేదులే" అని మనల్ని ఓదార్చాలి. ఫైనాన్స్ పేరు ఎత్తగానే వాళ్ల మేనేజర్ సీసీలోకి వస్తాడు, మేం ఎప్పుడిచ్చామో చూడండి అంటాడు, ఇక రిపోర్ట్ సంగతి పక్కకి పోయి వాదన మొదలవుతుంది.

డేటా లేట్ అవడం నిజమే, మంగళవారం రావాల్సింది గురువారం సాయంత్రం వచ్చింది, అది దాచక్కర్లేదు. కానీ లేట్ అవుతుందని మనకి ఎప్పుడు తెలిసింది, పైవాళ్లకి ఎప్పుడు చెప్పాం? బుధవారం పొద్దున తెలిసి శుక్రవారం దాకా చెప్పకపోతే ఆ రెండున్నర రోజులు మనవే, సారీ చెప్పాల్సింది దానికి. అప్పుడు మెయిల్ ఇలా మారుతుంది:

"సర్, ఇవాళ ఐదింటికి ఇస్తానన్న రిపోర్ట్ సోమవారం ఉదయం 9కి ఇస్తాను. డేటా గురువారం సాయంత్రం వచ్చింది. లేటవుతుందని బుధవారమే తెలిసినా నేను మీకు చెప్పలేదు, అది నా తప్పు, సారీ. రీజియన్ వారీ టోటల్స్ చెక్ చేసి అటాచ్ చేశాను, ప్రొడక్ట్ వారీ లెక్కలు ఇంకా చూడాలి. వచ్చే నెల నుంచి మంగళవారం డేటా రాకపోతే బుధవారం పదింటికల్లా మీకు చెప్తాను."

సారీ ఒక్కసారే ఉంది, అదీ ఫలానా పనికి. "ఇంకోసారి జరగదు" తీసేశాను, ఎందుకంటే డేటా రావడం మన చేతిలో లేదు, చెప్పడం మాత్రం ఉంది. కొత్త టైమ్ దగ్గర జాగ్రత్త, ఎదుటివాళ్లని శాంతపరచడానికి శనివారం అని రాసేసి అదీ దాటిపోతే రెండో మెయిల్‌ని ఎవరూ నమ్మరు, కాబట్టి మిగిలిన పని లెక్కేసుకున్నాకే టైమ్ రాయాలి.

బుధవారమే చెప్పేసి ఉంటే? అప్పుడు లేని తప్పు నెత్తినేసుకోవడం కూడా అబద్ధమే, ఏం జరిగింది, ఎప్పుడిస్తాం అని రాస్తే చాలు. ప్రతి నెలా డేటా లేటవుతుంటే మాత్రం ఫైనాన్స్‌లో ఆ పని చూసేవాళ్లతో ముందు నేరుగా మాట్లాడాలి, మంగళవారం కుదరకపోతే ఏ రోజు కుదురుతుందో అడిగి రిపోర్ట్ డేట్‌నే దానికి తగ్గట్టు జరపమని డైరెక్టర్‌ని అడగొచ్చు.