వచ్చాడు, వచ్చినాడు, వచ్చిండు

“స్వచ్ఛమైన తెలుగు కృష్ణా, గోదావరి జిల్లాలదే. మిగతావన్నీ అందులోంచి చెడిపోయిన యాసలు. హైదరాబాద్ తెలుగు ఉర్దూ కలిసి ఇంకా పాడైంది. స్వచ్ఛంగా ఉంది కాబట్టే ఆ భాషను పుస్తకాలకు ఎంచుకున్నారు. మీ పిల్లలకు అదే నేర్పించండి.”

ఈ వారంలో ఇది నాకు నాలుగోసారి వచ్చింది. ఈసారి పంపినవాడు ఉప్పల్‌లో పుట్టి పెరిగిన మిత్రుడు. ఇక ఊరుకోలేను.

ఉర్దూ సంగతికి ఒక్క మాట చాలు. సందేశం మొదటి వాక్యంలో ఉన్న ‘జిల్లా’ అరబ్బీలో పుట్టి, పారశీకం, ఉర్దూల మీదుగా మనకు వచ్చింది. దాని వల్ల కృష్ణా జిల్లా తెలుగు ఏమీ పాడవలేదు.

నన్ను మండించింది ‘చెడిపోయిన’ అన్న మాట. మూడో తరగతి చదివే మా అమ్మాయి నోటుపుస్తకంలో “తాత ఊరి నుంచి వచ్చిండు” అని రాసింది. టీచరు ‘వచ్చిండు’ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. “మరి నానమ్మ రోజూ తప్పే మాట్లాడుతుందా?” అని పిల్ల నన్నడిగింది.

తప్పెక్కడుందో చూద్దాం. ‘వచ్చిన మనిషి’ అని అన్ని ప్రాంతాల వాళ్లమూ అంటాం. ఆ ‘వచ్చిన’ నుంచే ‘వచ్చినాడు’ పుట్టింది. రాయలసీమలో ఇప్పటికీ ఆ రూపం వినిపిస్తుంది. కోస్తా వాళ్లు అందులోని ‘న’కారాన్ని వదిలేసి దీర్ఘాన్ని నిలుపుకున్నారు, ‘వచ్చాడు’ అయింది. తెలంగాణ వాళ్లు దీర్ఘాన్ని వదిలేసి ‘న’కారాన్ని నిలుపుకున్నారు, అదే ‘డ’ ముందు సున్నాగా మారి ‘వచ్చిండు’ అయింది. ఇద్దరూ చెరొక ముక్క పోగొట్టుకున్నారు. ‘వచ్చాడు’లో లేని ‘న’ ‘వచ్చిండు’లో ఉంటే, రెండోది మొదటిదాని నుంచి చెడిపోయి ఎలా వచ్చిందో పంపినవాళ్లు చెప్పాలి. తల్లి ఒకరే అయిన అక్కాచెల్లెళ్లలో ఒకరిని మరొకరి కూతురు అంటారా?

ఇక ఎంపిక. నూరేళ్ల కిందట పండితులు ఆ కోస్తా వాడుకనే గ్రామ్యమని బడి గడప తొక్కనివ్వలేదు. ‘వచ్చెను’ అని రాయాల్సిన చోట ‘వచ్చాడు’ అని రాస్తే తప్పే. దాని కోసం పోరాడిన గిడుగు రామమూర్తి శ్రీకాకుళం వైపు వారు, గురజాడ అప్పారావు విజయనగరంలో జీవితం గడిపినవారు. అచ్చుయంత్రాలు, తెలుగు పత్రికలు, ఇంగ్లీషు చదువులు మద్రాసు పాలనలోని కోస్తాకు ముందుగా అందాయి. ఇక్కడ నిజాం పాలనలో కచేరీ భాష ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన కూడా ఉర్దూలోనే. 1956లో రెండు ప్రాంతాలూ కలిసేనాటికి అక్కడ పత్రికల్లో కుదురుకున్న భాషే తరువాత ఇక్కడి బడుల్లోకీ వచ్చింది.

అయితే, చివరి వాక్యాన్ని ఒప్పుకుంటాను. పిల్లలకు పుస్తక భాష నేర్పాల్సిందే. ఆదిలాబాద్ పలుకు, నల్లగొండ పలుకు కూడా ఒకటి కావు. అందరూ చదివే రాతకు ఉమ్మడి రూపం ఒకటి కావాలి, నేనూ ఇప్పుడు అందులోనే రాస్తున్నాను. ఆ రాత్రి ఎర్ర సున్నా పక్కన ‘పరీక్షలో: వచ్చాడు’ అని, దాని కింద ‘ఇంట్లో: వచ్చిండు’ అని రాసి, మా అమ్మాయికి రెండూ చదివి వినిపించాను.