సవరణ: క్యాష్ సిమ్యులేటర్‌లో హిట్ అయినప్పుడూ స్టాంప్ మారాలి

పాత పోస్టు చూసి ఒకరు అడిగారు: "E=1 పెడితే లెక్క సరిపోతోంది. E=2 పెట్టగానే మిస్‌లు ఎక్కువొస్తున్నాయి, ఎందుకు?"

E అంటే ఒక్కో సెట్‌లో ఉండే లైన్ల సంఖ్య. పాత పోస్టులోని సిమ్యులేటర్ కోడ్‌లో లైన్‌ను కొత్తగా లోడ్ చేసినప్పుడే స్టాంప్ మారుతోంది. అలా చేస్తే ముందొచ్చింది ముందు పోతుంది. ఎల్‌ఆర్‌యూ అంటే చాలాసేపటి నుంచి వాడనిది పోవాలి. కాబట్టి హిట్ దగ్గర కింది రెండో లైన్ చేర్చండి:

```c
hits++;
ln->stamp = ++tick;
```

సెట్ బిట్లు s=4, లైన్లు E=2, బ్లాక్ బిట్లు b=4 తో ఈ ట్రేస్ నడిపి చూడండి:

```
L 10,1
L 110,1
L 10,1
L 210,1
L 10,1
```

అడ్రసులు హెక్స్‌లో ఉన్నాయి, అన్నీ సెట్ 1లోకే వస్తాయి. ట్యాగ్‌లు మాత్రం 0, 1, 0, 2, 0. మొదటి రెండూ మిస్, మూడోది హిట్. అసలు తేడా నాలుగో దగ్గర. హిట్‌తో ట్యాగ్ 0 స్టాంప్ కొత్తదైంది కాబట్టి ట్యాగ్ 1 పోవాలి, చివరి 10 మళ్లీ హిట్ కావాలి. సరైన ఫలితం:

```
hits:2 misses:3 evictions:1
```

పాత కోడ్ ఇక్కడ ట్యాగ్ 0ని తీసేస్తుంది. దాంతో చివరిది కూడా మిస్ అయ్యి, 1, 4, 2 వస్తాయి. మీకు ఇవే వస్తుంటే కారణం ఇదే.

E=1లో సెట్‌కి ఉండేది ఒక్కటే లైన్. ఏది తీసేయాలన్న ప్రశ్నే రాదు, అందుకే అక్కడ తప్పు బయటపడలేదు. పరీక్షించేటప్పుడు E కనీసం 2 ఉండాలి, సెట్ నిండాక పాత లైన్‌ను మళ్లీ తాకే ట్రేస్ కావాలి.

ఇంకొకటి: ఖాళీ లైన్ దొరికితే మిస్ మాత్రమే పెరగాలి, ఎవిక్షన్ కాదు.